నడుముకు మైకు కట్టుకున్నా గురువారానికల్లా గొంతు పోతోంది: లోపం ఎక్కడుంది?

ఫిజిక్స్ సార్, హనుమకొండ (సోమవారం, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండలోని ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. పగలు నాలుగు పీరియడ్లు, సాయంత్రం నయీంనగర్ వైపు ఒక కోచింగ్ కేంద్రంలో గంటన్నర క్లాసు ఉంటాయి. కళాశాల గది పొడవు 10 మీటర్లకు కొంచెం తక్కువ. ఎనభై మంది దాకా కూర్చుంటారు, నెత్తి మీద ఆరు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. గొంతు తరచుగా బొంగురుపోతోందని దసరా సెలవుల తరువాత నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, దానికి తీగతో కలిసి వచ్చే తలమైకు కొన్నాను. అయినా సోమవారం బాగానే ఉన్న గొంతు బుధవారం మధ్యాహ్నానికి గరగరలాడుతోంది, గురువారానికి కాస్త హెచ్చు స్థాయిలో పలకవలసిన మాట పలకనే పలకడం లేదు, ఆదివారం ఇంట్లో ఉంటే మళ్లీ తేరుకుంటోంది. నీళ్ల సీసా ఎప్పుడూ బల్ల మీదే ఉంటుంది. లోపం పరికరంలో ఉందా, గదిలో ఉందా, నేను మాట్లాడే తీరులో ఉందా అన్నది తేల్చుకోవాలని ఉంది. ఏ కంపెనీ మైకు కొనాలన్నది నా ప్రశ్న కాదని ముందే మనవి చేస్తున్నాను.

విశ్రాంత తెలుగు పండితుడు, జనగామ (సోమవారం, రాత్రి 10:15)

మా కాలంలో మైకు లేదు, మూడు సెక్షన్లను ఒకచోట కూర్చోబెట్టి పద్యం చెప్పినా వెనుక బెంచీకి వినబడేది. దానికి కారణం దమ్ము. మాట గొంతులోంచి కాక కడుపులోంచి రావాలి. పద్యం చదివేవాడు పాదం విరుపు దగ్గర ఊపిరి తీసుకుంటాడు కాబట్టి అలసిపోడు. వచనం చెప్పేవాడికి ఆ విరుపు ఉండదు కాబట్టి ఊపిరి అయిపోయినా మాట్లాడుతూనే ఉంటాడు. తమరు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి, ఫ్రిజ్ నీళ్లు పూర్తిగా మానేయండి. గొంతు బాగా పోయిన రోజున రెండు రోజులపాటు గుసగుసగా మాత్రమే మాట్లాడండి, స్వరం తిరిగి వస్తుంది. మైకు అలవాటైతే ఉన్న గొంతు కూడా మొద్దుబారుతుందని నా అభిప్రాయం.

మైక్‌సెట్ భాయ్, కాజీపేట (మంగళవారం, ఉదయం 7:05)

సార్, పెళ్లిళ్లకూ సభలకూ మైకులు కట్టడం మా ఇంటి పని, కాబట్టి పరికరం సంగతి వరకు నేను చెప్పగలను. మీరు రెండు విషయాలు చెప్పాలి. తలమైకు ముక్కు, అంటే ఆ స్పాంజి గుండు, మీ పెదవులకు ఎంత దూరంలో ఉంటోంది? స్పీకరును క్లాసు జరిగినంతసేపూ నడుముకే ఉంచుతున్నారా?

ఫిజిక్స్ సార్, హనుమకొండ (మంగళవారం, ఉదయం 7:50)

నోటి ముందు పెడితే ‘ప’, ‘భ’ వంటి అక్షరాల దగ్గర ఊపిరి తగిలి ఢప్‌మని కొడుతోంది కాబట్టి గడ్డం కిందికి వంచి పెడుతున్నాను. అద్దంలో చూసి కొలిస్తే పెదవికి 12 సెంటీమీటర్ల దూరం వచ్చింది. స్పీకరు నడుముకే ఉంటుంది. శబ్దం సగానికి పైగా పెంచితే కూత పెడుతోంది కాబట్టి సగం దగ్గరే ఆపుతున్నాను.

మైక్‌సెట్ భాయ్, కాజీపేట (మంగళవారం, ఉదయం 8:20)

అయితే సార్, మీ దగ్గర మైకు ఉన్నట్టే కానీ అది పని చేస్తున్నట్టు కాదు. లెక్క మీకే బాగా తెలుసు: నోటి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు అందే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. 3 సెంటీమీటర్ల దగ్గర ఉండవలసినది 12 దగ్గర ఉంటే రెండు రెట్టింపులు, అంటే 12 డెసిబెల్స్ పోయినట్టు. ఆ లోటు పూడ్చడానికి మీరు శబ్దం పెంచితే, మీ నడుము నుంచి బయలుదేరిన శబ్దం అరగజం పైనున్న అదే మైకులో మళ్లీ దూరి కూత పెడుతుంది. చొక్కాకు తగిలించే కాలర్ మైకు అయితే 20, 25 సెంటీమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి చిన్న గదిలో ఇంకా ముందే కూత పెడుతుంది. అందుకే క్లాసుకు తలమైకే మేలని నేను చెబుతాను.

గుండును గడ్డం కిందికి వంచకండి, నోటి మూల పక్కకు జరపండి. పెదవి చివర నుంచి రెండు వేళ్ల వెడల్పు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా చెంప వైపు ఉండాలి. ఢప్‌మనే చప్పుడు పోతుంది, మాట దగ్గరగా అందుతుంది. ఇక స్పీకరు నడుముకు ఉంటే దాని శబ్దం మొదటి బెంచీ పిల్లల ఛాతీకి తగిలి అక్కడే ఆగిపోతుంది. ముఖ్యంగా ‘స’, ‘శ’, ‘చ’ వంటి అక్షరాలను విడదీసి వినిపించే సన్నని శబ్దాలు మనుషులు అడ్డుంటే దాటవు. స్పీకరును ఒక పక్క గోడ దగ్గర, కూర్చున్న పిల్లల తలల కంటే ఎత్తులో, కిటికీ గూటిలోనో స్టూలు మీదనో పెట్టి వెనుక బెంచీల వైపు తిప్పండి. మీరు ఎప్పుడూ దాని వెనుకే ఉండాలి, ముందుకు రాకూడదు. తీగ అంత దూరం రాదు కాబట్టి తీగలేని తలమైకు అవసరం పడుతుంది.

రీల్స్ పాఠాలు, మంచిర్యాల (మంగళవారం, ఉదయం 9:30)

నాది కూడా ఇదే సమస్య. ఇంట్లో గదిలో నిలబడి పోటీ పరీక్షల పాఠాలు రికార్డు చేస్తాను, గొంతు ఖంగుమని మోగినట్టు వస్తోంది. ఫోన్‌కు పెట్టుకునే చిన్న కాలర్ మైకు కొంటే ఆ మోత పోతుందా?

మైక్‌సెట్ భాయ్, కాజీపేట (మంగళవారం, ఉదయం 9:45)

అన్నా, అది గొంతు సమస్య కాదు, గోడల సమస్య. ఖాళీ గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి కొడుతున్నాయి. మైకు దగ్గరగా పెట్టుకుని, వెనుకా పక్కనా నాలుగు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. వివరాలు కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ సార్ ప్రశ్న పక్కకు పోతుంది.

స్పీచ్ థెరపిస్ట్, కరీంనగర్ (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

సార్ మొదటి లేఖలో నాకు ముఖ్యంగా కనిపించినది సోమవారం నుంచి గురువారం దాకా క్రమంగా దిగజారడం, ఆదివారం తేరుకోవడం. మాట్లాడేటప్పుడు మగవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారివి సుమారు 200 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. గొంతు పెంచిన కొద్దీ ఆ తాకిడి గట్టిపడుతుంది. రోజంతా గట్టిగా తాకితే తంత్రుల అంచు కొద్దిగా ఉబ్బుతుంది, రాత్రి నిద్రలో కొంత తగ్గుతుంది, తగ్గకుండా మిగిలినది మరుసటి రోజు లెక్కలో కలుస్తుంది. హెచ్చు స్థాయి మాట ముందుగా పోవడానికి కారణం కూడా అదే: ఉబ్బిన అంచు సన్నగా సాగి వేగంగా కంపించలేదు.

ఇక మైకు ఉన్నా గొంతు పెంచడం గురించి. చుట్టూ చప్పుడు ఉంటే మనిషి తనకు తెలియకుండానే స్వరం పెంచుతాడు. ఫ్రాన్స్‌కు చెందిన లోంబార్డ్ అనే చెవి వైద్యుడు 1911 ప్రాంతంలోనే దీనిని వివరించాడు, ఆయన పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. ఫ్యాన్ల కింద మీరు పెంచుతున్నది విద్యార్థుల కోసం మాత్రమే కాదు, మీ మాట మీ చెవికి అందడం కోసం కూడా. అందువల్ల స్పీకరు శబ్దం వెనుక బెంచీకి ఎంత అందినా, మీ చెవికి అసలు అందకపోతే మీరు మునుపటిలాగే అరుస్తారు. కాజీపేట సోదరులు చెప్పినట్టు స్పీకరును దూరంగా పెట్టడం మంచిదే కానీ, దాని శబ్దం మీకు కొంతైనా తిరిగి వినబడే చోటు వెతకాలి.

జనగామ పెద్దలు ఊపిరి గురించి చెప్పినది అక్షరాలా నిజం. గుసగుస గురించి మాత్రం నేను ఒప్పుకోలేను. చాలామంది గుసగుసలాడేటప్పుడు స్వరపేటికను మామూలు కంటే గట్టిగా బిగిస్తారు. విశ్రాంతి కావాలంటే మౌనంగా ఉండాలి, లేదా దగ్గర మనిషితో మెత్తగా మామూలు స్వరంతో మాట్లాడాలి. చల్లని నీళ్లు స్వరతంత్రులను పాడు చేస్తాయనడానికి ఆధారం లేదు, ఎందుకంటే మింగిన నీరు అన్నవాహికలోకి పోతుంది, తంత్రులను తాకదు. తాగగానే దగ్గు వచ్చేవారు మానుకుంటే సరిపోతుంది.

విశ్రాంత తెలుగు పండితుడు, జనగామ (మంగళవారం, సాయంత్రం 5:10)

నీరు తంత్రులను తాకనే తాకకపోతే, ఇక క్లాసులో గుక్క గుక్కకూ నీళ్లు తాగమని అందరూ ఎందుకు చెబుతున్నారమ్మా? కరక్కాయ మాత్రం నాకు పని చేసింది, ఆ మాట వెనక్కి తీసుకోను.

స్పీచ్ థెరపిస్ట్, కరీంనగర్ (మంగళవారం, రాత్రి 8:00)

మంచి ప్రశ్న అడిగారండీ. నీరు రక్తంలో కలిసి స్వరపేటిక లోపలి పొరకు చేరడానికి సమయం పడుతుంది, కాబట్టి పది గంటలకు మొదలయ్యే క్లాసుకు పనికొచ్చేది ఉదయం నుంచి తాగిన నీరే. క్లాసులో తాగే గుక్క చేసే పని వేరు. గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపించి ఖంగ్‌మని సవరించుకునేటప్పుడు తంత్రులు బలంగా కొట్టుకుంటాయి. అప్పుడు సవరించుకోకుండా ఒక గుక్క మింగితే ఆ దెబ్బ తప్పుతుంది, స్వరపేటిక ఒకసారి పైకి కదిలి వదులవుతుంది, అన్నింటికీ మించి మీరు నాలుగు సెకన్లు మౌనంగా ఉంటారు. కరక్కాయ కూడా లాలాజలం ఊరించి మాటిమాటికీ మింగేలా చేస్తుంది. మీకు లభించిన ఉపశమనం అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. పుదీనా ఘాటు బిళ్లలతో జాగ్రత్త పడాలి, చల్లగా అనిపించినా చాలామందికి గొంతు ఎండిపోతుంది.

టీచరమ్మ, ములుగు జిల్లా (మంగళవారం, రాత్రి 9:20)

ఉదయం నుంచి నీళ్లు తాగమని సులువుగా చెబుతారు మేడమ్. మా బడిలో ఉపాధ్యాయినులకు శుభ్రమైన మరుగుదొడ్డి లేదు, కాబట్టి మేము ఇంటి నుంచి బయలుదేరే ముందు కావాలనే నీళ్లు తగ్గిస్తాం, సాయంత్రం దాకా ఓర్చుకుంటాం. నాకు స్వరతంత్రుల మీద కాయలు వచ్చాయని పరీక్షలో తేలినప్పుడు డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారనే. నిజం చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆపరేషన్ లేకుండానే చికిత్సతో, అభ్యాసాలతో కాయలు తగ్గాయి కానీ నెలలు పట్టింది. స్ట్రాతో చేసే అభ్యాసం గురించి మీరు సార్‌కు చెప్పండి, నాకు ఎక్కువ మేలు చేసింది అదే.

స్పీచ్ థెరపిస్ట్, కరీంనగర్ (బుధవారం, ఉదయం 6:45)

టీచరమ్మ గారూ, మీరు చెప్పిన ఇబ్బందికి నా దగ్గర పరిష్కారం లేదు, అది గొంతు చికిత్సతో తీరేది కాదు. తాత్కాలికంగా ఇంట్లో ఉదయం, సాయంత్రం ఐదారు నిమిషాలు వేడినీటి ఆవిరి పీల్చుకోండి. ఆవిరి ఊపిరితో పాటు పోతుంది కాబట్టి తంత్రుల ఉపరితలాన్ని నేరుగా తడుపుతుంది.

స్ట్రా అభ్యాసం ఇది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొన రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, పెదవుల చుట్టూ గాలి పోకుండా పట్టుకుని, ‘ఊ’ అని మెత్తగా స్వరం పలుకుతూ బుడగలు తేవాలి. ముక్కు నుంచి గాలి పోకూడదు. కింది స్థాయి నుంచి పై స్థాయికి, పై నుంచి కిందికి జారుతూ రెండు మూడు నిమిషాలు చేయాలి. నోటి దగ్గర గాలి ఆగడం వల్ల లోపల ఒత్తిడి వెనక్కి తన్ని, తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కంపిస్తాయి. మొదటి పీరియడ్‌కు ముందు, చివరి పీరియడ్ తరువాత చేయండి. బుడగలు ఒకే తీరుగా రాకుండా ఆగి ఆగి వస్తుంటే ఊపిరి నిలకడగా లేదని అర్థం.

ఊపిరి గురించి ఒక మాట చెప్పాలి, ఇది మన భాషలో పాఠం చెప్పేవారికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. “ఈ వస్తువు మీద పనిచేసే మొత్తం బలం సున్నా అయినప్పుడు అది నిశ్చలంగా గానీ సమవేగంతో గానీ ఉంటుంది” అని ఒక్క ఊపిరిలో చెప్పేవారికి ‘ఉంటుంది’ దగ్గరికి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో గాలి మిగలదు. అక్కడ గొంతు బిగించి మాటను నెడతారు, ఆ మాట చివర గరగరమంటుంది. ‘అయినప్పుడు’ దగ్గర ఆగి, భుజాలు లేపకుండా, నడుము పక్కలు విప్పారేలా చప్పుడు లేకుండా చిన్న ఊపిరి తీసుకుంటే క్రియ పూర్తి స్వరంతో వస్తుంది. ఒక పీరియడ్‌ను ఫోన్‌లో రికార్డు చేసి వాక్యాల చివరి మాటలను మాత్రమే వినండి, మీ గొంతు ఎక్కడ పోతోందో బయటపడుతుంది.

ఒగ్గోళ్ల బిడ్డ, కొమురవెల్లి దారి (బుధవారం, మధ్యాహ్నం 12:40)

మా తాత రాత్రంతా మల్లన్న కథ చెప్పేవాడు, తెల్లారేసరికి కూడా గొంతు నిలిచేది. ప్రతి మాటకూ పక్కవాడు వంత పలికేవాడు, డోలు అందుకునేది. తాత ఊపిరి తీసుకునేది ఆ సందులోనే. క్లాసులో వంత పలికేవాడు లేడు కాబట్టి పిల్లల చేతనే పలికించాలి. ప్రశ్న అడిగి, జవాబు వారి నోటి నుంచి వచ్చేదాకా మీరు ఆగితే అదే మీకు విరామం.

ఫిజిక్స్ సార్, హనుమకొండ (శనివారం, రాత్రి 9:00)

ఈ మధ్యలో చేసిన కొలతలు చెబుతాను. ఫోన్ యాప్ అంకెలను పూర్తిగా నమ్మలేము కానీ ఒకే ఫోన్‌ను ఒకే చోట పెట్టి పోల్చడానికి పనికొస్తుంది. ఖాళీ గదిలో ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతుంటే వెనుక బెంచీ దగ్గర 55 డెసిబెల్స్ చూపింది. నేను మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో 60 వచ్చింది. బయలు ప్రదేశంలో అయితే ఎనిమిది మీటర్లకు 18 తగ్గి 42 కావాలి. గోడలు తిరిగి పంపడం వల్ల గదిలో అంతగా తగ్గలేదు, 51 దాకా ఉంది. అయినా అది ఫ్యాన్ల చప్పుడు కంటే తక్కువే. మాట స్పష్టంగా అర్థం కావాలంటే చప్పుడు కంటే 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలన్నది సాధారణ సూత్రం కాబట్టి, వెనుక బెంచీ దగ్గర 70 కావాలి. అంటే నా నోటి నుంచి మీటరు దూరంలో 79; అది అరుపే. మైకు లేకుండా ఆ గదిలో గొంతు కాపాడుకోవడం ఎవరికైనా సాధ్యం కాదని ఈ లెక్కతో తేలింది.

మూడు ఫ్యాన్లు ఆపితే 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గింది, పిల్లలకు ఉక్కపోత మిగిలింది. అన్నింటినీ రెగ్యులేటర్‌తో 5 నుంచి 3కు తగ్గిస్తే చప్పుడు 49కి దిగింది, గాలి కూడా చాలినంత ఉంది. తలమైకును చెంప వైపు రెండు వేళ్ల దూరానికి జరిపాను. తీగలేని మైకు అరువు తెచ్చుకుని, స్పీకరును గోడ పక్కన స్టూలు మీద పెట్టాను. కూత రాకుండానే వెనుక బెంచీ దగ్గర 66 వచ్చింది.

కానీ చొక్కా జేబులో ఫోన్ పెట్టి నా గొంతునే కొలిస్తే, మొదటి రెండు రోజులూ మైకు ఉన్నా లేకున్నా దాదాపు ఒకే అంకె చూపింది. స్పీకరును కొంచెం నా వైపు వంచి, నా మాట నాకు వినబడేలా చేసిన తరువాతే జేబులోని అంకె 6 తగ్గింది. అటు వంచితే కూత దగ్గరికి వస్తోంది, ఇటు తిప్పితే నేను అరుస్తున్నాను. సరైన కోణం ఇంకా దొరకలేదు. రికార్డింగులో వాక్యాల చివరి మాటలు మేడమ్ చెప్పినట్టే ఉన్నాయి, ముఖ్యంగా బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు తిరగకుండా చెప్పిన వాక్యాల్లో.

మైక్‌సెట్ భాయ్, కాజీపేట (శనివారం, రాత్రి 9:35)

కోణంతో కుస్తీ పట్టకండి సార్. రెండో చిన్న స్పీకరును మీ బల్ల దగ్గర చాలా తక్కువ శబ్దంతో మీ కోసమే పెట్టుకోవచ్చు, స్టేజీ మీద పాడేవారికి మేము పెట్టేది అలాంటిదే.

స్పీచ్ థెరపిస్ట్, కరీంనగర్ (శనివారం, రాత్రి 10:10)

రెండో స్పీకరు మీ మైకుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ గదిలో కూత పెడుతుందేమో అని నాకు సందేహం, మీరే చూసి చెప్పాలి. 2002లో అమెరికాలో గొంతు సమస్యలున్న ఉపాధ్యాయుల మీద ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఇటువంటి చిన్న ఆంప్లిఫయర్లు వాడినవారికి స్పష్టమైన మేలు కనిపించింది, జాగ్రత్తలు మాత్రమే విన్నవారికి అంత మేలు కనిపించలేదు. కాబట్టి మైకు వదలకండి.

ఒక పరీక్ష మాత్రం రోజూ చేయండి. ఉదయం లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి జోలపాట లాంటి చిన్న వరుసను వీలైనంత హెచ్చు స్థాయిలో, పక్క గదిలోని పాప లేవనంత మెల్లగా పాడి చూడండి. స్వరం ఆలస్యంగా మొదలైనా, మధ్యలో గాలి మాత్రమే వచ్చినా ఉబ్బు ఉన్నట్టు. సాయంత్రం అలా ఉండి ఉదయానికి పోతే ఆ రోజు భారం ఎక్కువైందనుకోవచ్చు; ఆదివారం గడిచిన తరువాత సోమవారం ఉదయం కూడా అలాగే ఉంటే ఊరుకోకూడదు. మీకు ఇన్ని వారాలుగా బొంగురు వచ్చి పోతోంది కాబట్టి ఈ కొలతలతో సంబంధం లేకుండా ఒకసారి చెవి-ముక్కు-గొంతు వైద్యుల దగ్గర గొట్టపు కెమెరాతో స్వరపేటిక చూపించుకోండి. మూడు వారాలు దాటిన బొంగురును చూడకుండా ఎవరూ నిర్ధారించలేరు. మింగడం కష్టమైనా, రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా మూడు వారాలు ఆగడం కూడా తగదు.

ఫిజిక్స్ సార్, హనుమకొండ (ఆదివారం, ఉదయం 8:15)

వచ్చే శనివారం చూపించుకుంటున్నాను. కోచింగ్ కేంద్రంలో రేకుల కప్పు కింద కూలర్లు నడుస్తాయి, వాటికి రెగ్యులేటర్ లేదు, యాజమాన్యం ఆపనివ్వదు. అక్కడ నిన్న కొలిస్తే 68 చూపింది. కాజీపేట భాయ్, ఆ గదికి ఈ స్టూలు మీది స్పీకరు సరిపోతుందా, లేక గోడకు రెండు బాక్సులు కట్టాలా?

మైక్‌సెట్ భాయ్, కాజీపేట (ఆదివారం, ఉదయం 8:50)

68 మీద 15 అంటే 83 కావాలి సార్, స్టూలు మీది స్పీకరు అక్కడ గొంతు చించుకున్నా చాలదు. బాక్సులు కట్టినా అంత శబ్దంలో గంటన్నర కూర్చునే పిల్లల చెవుల సంగతి కూడా చూడాలి. ముందు కూలర్లను గది బయట కిటికీకి బిగించి, గాలి మాత్రం లోపలికి వచ్చేలా చేయడానికి వీలుందేమో వారిని అడగండి. గది ఫొటోలు రెండు పంపితే బాక్సుల మాట అప్పుడు చెబుతాను.